గడ్డం నూనె ఏం చేస్తుంది, ఏం చేయలేదు

అమీర్‌పేట, ఎస్సార్ నగర్ వైపు కుర్రాళ్ల హాస్టళ్లలో అద్దం ముందు అర చూస్తే ఈ మధ్య మూడు వస్తువులు తప్పకుండా కనిపిస్తున్నాయి. డ్రాపర్ ఉన్న చిన్న గాజు సీసాలో బియర్డ్ ఆయిల్, గుండ్రటి రేకు డబ్బాలో బామ్, పంపు సీసాలో బియర్డ్ వాష్. మూడూ కలిపి ఒకే పెట్టెలో కిట్‌గా అమ్ముతారు. పెట్టె మీద 'గ్రోత్' అన్న మాట అన్నిటికంటే పెద్దగా ఉంటుంది. చెంపల మీద గడ్డం అక్కడక్కడ మాత్రమే వచ్చి మధ్యలో ఖాళీలు మిగిలిన కుర్రాడికి కళ్లకు కనిపించేది ఆ ఒక్క మాటే.

మా మేనల్లుడు కూడా అలాంటి కిట్టే కొన్నాడు. వయసు 22. అమీర్‌పేటలో కోచింగ్, ఎస్సార్ నగర్‌లో హాస్టల్, శని ఆదివారాలు ఉప్పల్‌లో వాళ్ల ఇల్లు. మీసం బాగానే ఉంది, గదవ కింద బాగానే ఉంది, రెండు చెంపల మీద మాత్రం రూపాయి బిళ్లలు రెండు పట్టేంత ఖాళీ. "మామయ్యా, ఇది పనిచేస్తుందా లేదా, ఒక్క ముక్కలో చెప్పు" అన్నాడు. నేను ఫార్మసీ చదివి మందుల లేబుళ్లు తయారుచేసే ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి వాడి దృష్టిలో నాకు తెలియకుండా ఉండదు. ఒక్క ముక్కలో చెప్పొచ్చు కానీ, ఎందుకో తెలియకపోతే వచ్చే నెల ఇంకో పేరుతో ఇంకో సీసా కొంటాడు.

ముందు ఆ ఖాళీ సంగతి చూడాలి. పగటిపూట కిటికీ దగ్గర నిలబడి, చెంపను వేళ్లతో కాస్త సాగదీసి, ఫోన్ కెమెరాలో దగ్గరగా చూస్తే అక్కడ చాలామందికి సన్నటి, రంగు లేని నూగు కనిపిస్తుంది. అంటే కుదుళ్లు ఉన్నాయి. అవి ఇంకా నూగు దశలోనే ఉన్నాయి, పక్కనున్నవి ముదిరి నల్లటి గట్టి వెంట్రుకలు ఇస్తున్నాయి. గడ్డం పెరగడం అంటే కొత్త కుదుళ్లు పుట్టడం కాదు. పుట్టుకతో వచ్చిన కుదుళ్లు ఒక్కొక్కటిగా నూగు వదిలి ముదురు వెంట్రుక ఇవ్వడమే. ఏ 'గ్రోత్' సరుకైనా నిజంగా పనిచేయాలంటే ఈ ఒక్క మార్పు తేగలగాలి.

ఈ మార్పు మామూలుగా తెచ్చేది మగ హార్మోన్. టెస్టోస్టిరాన్ నుంచి ఒక ఎంజైమ్ సాయంతో డీహెచ్‌టీ అనే ఇంకా బలమైన హార్మోన్ తయారవుతుంది. గడ్డం కుదుళ్లను ముదిరించేది ప్రధానంగా అదే. పుట్టుకతో ఆ ఎంజైమ్ లోపించిన మగవాళ్లను 1970లలో డొమినికన్ రిపబ్లిక్‌లో పరిశీలించినప్పుడు, టెస్టోస్టిరాన్ సరిపడా ఉన్నా వాళ్లకు గడ్డం బాగా పలచగా ఉన్నట్టు తేలింది. విచిత్రం ఏమిటంటే, బట్టతల వచ్చే రకం వాళ్లకు నడినెత్తి మీద జుట్టును పలచబరిచేది కూడా ఈ డీహెచ్‌టీనే. ఒకే హార్మోన్ గడ్డం దగ్గర పెంచుతుంది, నెత్తి మీద తగ్గిస్తుంది. ఈ విషయం గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

చెంప మీద కుదుళ్లు ఆ హార్మోన్‌కు ఎంత స్పందిస్తాయన్నది ఎక్కువగా వంశాన్ని బట్టి ఉంటుంది. అందుకే ప్యాచీ గడ్డం ఉన్నవాళ్లలో ఎక్కువమందికి టెస్టోస్టిరాన్ పరీక్ష చేయిస్తే మామూలుగానే వస్తుంది. గొంతు మారి, చంకల్లో వెంట్రుకలు వచ్చి, మిగతా ఎదుగుదల అంతా సరిగా ఉన్న కుర్రాడు ఒక్క గడ్డం కోసం ఆ పరీక్షకు డబ్బులు పెట్టనక్కర్లేదు. ఇక రెండో సంగతి వయసు. గడ్డం పద్దెనిమిదికే పూర్తయిపోదు. ఇరవైలలో అంతా చిక్కబడుతూనే ఉంటుంది, కొందరికి ముప్పై దాకా. మా వాడి నాన్నగారి పాత ఫొటో తీయించాను. పెళ్లినాటికి ఆయనకూ చెంపలు ఖాళీయే. ఇప్పుడు నిండు గడ్డం.

నూనెలకు ఇంత పేరు రావడానికి ఈ వయసే సగం కారణం. 21 ఏళ్లప్పుడు నూనె మొదలుపెట్టిన కుర్రాడు 23 ఏళ్లకు ఫొటో పెడితే తేడా కచ్చితంగా కనిపిస్తుంది. నూనె రాయకపోయినా కనిపించేదే. మిగతా సగం మరీ సులువు. నూనె మొదలుపెట్టిన రోజు నుంచి ట్రిమ్మర్ ఆపేస్తారు. గడ్డం నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. రెండు నెలలు ఆగితే చుట్టుపక్కల వెంట్రుకలు పొడుగై ఖాళీ మీదికి వాలతాయి. దానికి తోడు నూనె తగిలిన వెంట్రుక ఇంకాస్త నల్లగా, మెరుస్తూ కనిపిస్తుంది. ఇక ముందు ఫొటో ట్యూబ్‌లైటు కింద, తరువాతి ఫొటో సాయంత్రపు ఎండలో తీసుంటే చెప్పేదేముంది.

ఇప్పుడు ఆ సీసా లేబుల్. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉల్లి, రోజ్‌మేరీ, రెడెన్సిల్ 3% అని ఉంది. వెనకాల పదార్థాల జాబితా చిన్న అక్షరాల్లో ఉంది. చదవాల్సింది దాన్నే. మన దేశంలో కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం ఒక శాతం కంటే ఎక్కువున్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువ వరుసలో రాయాలి. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని ఆ తరువాత ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. మా వాడి సీసా మీద వరుస ఇలా ఉంది: కాప్రిలిక్ కాప్రిక్ ట్రైగ్లిజరైడ్, బాదం నూనె, ఆముదం, సువాసన, ఉల్లి విత్తనాల నూనె, రోజ్‌మేరీ ఆకు నూనె, విటమిన్ ఇ, రెడెన్సిల్.

మొదటిది పేరుకే భయపెడుతుంది కానీ, కొబ్బరి నూనె లాంటివాటి నుంచి తీసిన తేలికపాటి జిడ్డు లేని నూనె. సీసాలో ఎక్కువ భాగం అదే. తరువాత బాదం నూనె, కాస్త ఆముదం. సువాసన దగ్గర ఆగాలి. ఇలాంటి నూనెల్లో సెంటు సాధారణంగా ఒక శాతం దగ్గర్లో ఉంటుంది. కాబట్టి దాని తరువాత వచ్చిన ఉల్లి, రోజ్‌మేరీ, అన్నీ ఒక శాతానికి అటూ ఇటూ అన్నమాట. 30 మి.లీ. సీసాలో ఒక శాతం అంటే 0.3 మి.లీ. ముందువైపు బొమ్మ వేసిన ఉల్లిపాయ వాటా అంతే.

రెడెన్సిల్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. అది ఒక కంపెనీ తయారుచేసి మిగతా బ్రాండ్లకు అమ్మే మిశ్రమం పేరు. దానిలో ఎక్కువ భాగం గ్లిజరిన్, నీళ్లు. మొక్కల నుంచి తీసిన అసలు పదార్థాలు కొద్దిగా. అంటే '3 శాతం రెడెన్సిల్' అన్నా అందులో అసలు సరుకు మూడు శాతం ఉండదు. పైగా గ్లిజరిన్, నీళ్లు నూనెలో కలవవు. కలపడానికి ఎమల్సిఫైయర్ ఉండాలి. ఈ జాబితాలో అదీ లేదు, గ్లిజరినూ లేదు, నీళ్లూ లేవు. మూడు శాతం నిజంగా ఉంటే ఒక శాతం సెంటు కంటే ముందు రావాలి కదా, చివర ఎందుకు ఉంది? లేబుళ్లు రాసి పొట్టపోసుకునేవాడిగా నాకు ఇది చాలు, ముందువైపు మాట వెనకవైపు మాటతో కుదరడం లేదని చెప్పడానికి. రెడెన్సిల్ మీద చూపించే ఫలితాలు కూడా తల వెంట్రుకలకు సంబంధించినవే, అవీ ప్రధానంగా తయారీదారు వైపు నుంచి వచ్చినవి.

ఉల్లి, రోజ్‌మేరీ పేర్లు గాల్లోంచి రాలేదు. రెండిటికీ ఒక్కో చిన్న అధ్యయనం ఉంది. ఉల్లి అధ్యయనం 2002 నాటిది, ఇరాక్‌లో జరిగింది. అందులో రాసింది పచ్చి ఉల్లిరసం. రాసింది పేనుకొరుకుడు ఉన్నవాళ్లకు, అంటే వెంట్రుకలు బిళ్లలుగా ఊడిపోయే జబ్బుకు. ఆ జబ్బు చాలామందిలో దానంతట అదే కూడా తగ్గుతుంది. వంశపారంపర్యంగా పలచగా ఉన్న గడ్డానికీ దానికీ సంబంధం లేదు. రోజ్‌మేరీ అధ్యయనం 2015లో ఇరాన్‌లో 100 మంది మీద ఆరు నెలలు జరిగింది. తల మీద, 2% మినాక్సిడిల్ అనే జుట్టు మందుతో పోల్చి. రెండు గుంపులకూ దాదాపు ఒకేలాంటి కొద్దిపాటి ఫలితం. ఏమీ లేని ఉత్త నూనె రాసిన మూడో గుంపు లేదు కాబట్టి ఆ కొద్దిపాటిది దేనివల్లో తేల్చడం కష్టం. ఇక్కడి నుంచి గడ్డం నూనె దాకా లాక్కురావడం అమ్మేవాళ్ల నైపుణ్యం. అన్నట్టు, రోజ్‌మేరీ నూనె సీసా విడిగా కొని నేరుగా చెంపకు రాసుకునేవాళ్లు కూడా ఉన్నారు. అది గాఢమైన నూనె, చర్మం ఎర్రబడి మండుతుంది. మండడం పనిచేస్తున్న గుర్తని అనుకుని ఇంకొంచెం రాస్తారు.

మార్కెట్లో ఇంకో రకం నూనెల మీద 'డీహెచ్‌టీ బ్లాకర్' అని గర్వంగా రాసి ఉంటుంది. పైన చెప్పింది గుర్తుంటే నవ్వొస్తుంది. తల జుట్టు కోసం రాసిన ప్రకటనను గడ్డం సీసా మీదికి ఎక్కించారు. గడ్డాన్ని పెంచే హార్మోన్‌ను అడ్డుకుంటామని గడ్డం పెంచాలనుకునేవాడికే చెబుతున్నారు. ఆ సీసాలోని మోతాదు దేన్నీ అడ్డుకోలేదు కాబట్టి నష్టం డబ్బుకే. కానీ ఇదే పొరపాటు మందుల విషయంలో జరిగితే వేరే సంగతి, అక్కడికి వస్తాను.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. కాస్మెటిక్ అంటే శుభ్రం చేసేది, అందంగా కనిపించేలా చేసేది, రూపు మార్చేది అని 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ యాక్ట్ చెబుతుంది. శరీరం పనితీరును మారుస్తానంటే అది మందు కిందికి వస్తుంది. మందులు నయం చేస్తామని చెప్పుకోకూడని వాటి జాబితా డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ జె పేరుతో ఉంది. అందులో బట్టతలతో పాటు 'కొత్త వెంట్రుకలు మొలవడం' కూడా ఉంది. అందుకే తెలివైన కంపెనీలు 'పెరుగుతుంది' అని సూటిగా అనవు. 'పెరుగుదలకు తోడ్పడుతుంది', 'నిండుగా కనిపించేలా చేస్తుంది' అంటాయి. రెండో మాట నిజమే కూడా.

ఎందుకంటే నూనెకు చేయగలిగిన పని ఒకటుంది, అది బాగానే చేస్తుంది. గడ్డం వెంట్రుక తల వెంట్రుక కంటే మందంగా, గరుకుగా, వంకరగా ఉంటుంది. రెండు మూడు వారాల గడ్డానికి దురద మొదలవుతుంది. అప్పుడు నూనె వెంట్రుకను మెత్తబరుస్తుంది, కింద చర్మం పొడిబారకుండా చూస్తుంది, దురద తగ్గుతుంది. దురద తగ్గితే గీరుకోవడం, విసుగెత్తి గీసేయడం ఆగుతుంది. ఖాళీలు కప్పుకోవడానికి కావలసిన పొడుగు అలా వస్తుంది. చిన్న గడ్డానికి మూడు నాలుగు చుక్కలు చాలు, స్నానం తరువాత కాస్త తడిగా ఉన్నప్పుడు, వేళ్లతో చర్మం దాకా. ఇంతకు మించి రాస్తే దిండుకు పోతుంది. ఈ పనికి ఇంట్లో ఉన్న బాదం నూనె కూడా సరిపోతుంది, సువాసన ఉండదంతే.

బామ్‌లో నూనెతో పాటు తేనెమైనం, షియా బటర్ ఉంటాయి. మైనం వెంట్రుకను పెట్టిన వైపు నిలబెడుతుంది. నా లెక్కలో ప్యాచీ గడ్డానికి ఈ మూడింట్లో ఎక్కువ పనికొచ్చేది ఇదే, దీనికే తక్కువ ప్రచారం. పెసరగింజంత తీసుకుని అరచేతుల్లో కరిగేదాకా రుద్ది, చెంప పైనుంచి ఖాళీ మీదికి దువ్వితే అక్కడికక్కడే తేడా కనిపిస్తుంది. మొటిమలు వచ్చే చర్మానికి మాత్రం ఈ మైనాలు సరిపడవు. వారంలో గడ్డం కింద చిన్న చిన్న పొక్కులు మొదలైతే కారణం అదే అయ్యుండొచ్చు, ఆపి చూడాలి.

వాష్ విషయంలో హైదరాబాద్ నీళ్ల ప్రసక్తి రాక తప్పదు. నల్లా నీళ్లు వచ్చే ఇళ్లలో ఇబ్బంది తక్కువ. హాస్టళ్లలో, శివారు అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లూ ట్యాంకరు నీళ్లూ ఎక్కువ. బకెట్ అంచున తెల్లటి పొర కడుతోందంటే నీళ్లలో కాల్షియం ఎక్కువని అర్థం. ఆ నీళ్లలో మామూలు సబ్బు నురగ సరిగా రాదు, పైగా కాల్షియంతో కలిసి మడ్డిగా వెంట్రుకలకు, చర్మానికి అంటుకుంటుంది. తెల్లారేసరికి గడ్డం చీపురులా ఉంటుంది. బియర్డ్ వాష్‌లో ఉండేది సబ్బు కాదు, షాంపూల్లో మురికి వదిలించడానికి వాడే మెత్తటి సర్ఫక్టెంట్లు. అవి బోరు నీళ్లలో కూడా మడ్డి కట్టవు. ఆ మేరకు ఉపయోగం నిజం. కానీ ఆ పని ఏ మైల్డ్ షాంపూ అయినా చేస్తుంది. వారానికి రెండు మూడు సార్లు చాలు, మిగతా రోజులు ఉత్త నీళ్లు.

ఇక్కడ నూనెకూ వాష్‌కూ మధ్య ఒక తగువు ఉంది. గడ్డం కింద కూడా చుండ్రు వస్తుంది. హెల్మెట్ పట్టీ, చెమట తోడైతే ఇంకా. పొలుసులు రాలగానే పొడిబారిందనుకుని నూనె పెంచుతారు. చుండ్రుకు కారణమయ్యే ఈస్టుకు చాలా నూనెల్లోని కొవ్వు ఆమ్లాలే తిండి. అందుకే రాసేకొద్దీ పొలుసు పెరుగుతుంది. గుర్తుపట్టడం ఎలాగంటే, ఒట్టి పొడిబారిన చర్మం పొలుసు సన్నగా తెల్లగా పొడిలా ఉంటుంది. చుండ్రు పొలుసు జిడ్డుగా, కాస్త పసుపుగా, కింద చర్మం ఎర్రగా ఉంటుంది, తరచుగా ముక్కు పక్కల, కనుబొమల్లో కూడా ఉంటుంది. అప్పుడు నూనె ఆపాలి. ఆ ఈస్టును అణిచే కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, గడ్డానికి పట్టించి నాలుగైదు నిమిషాలు ఉంచి కడిగితే రెండు నుంచి నాలుగు వారాల్లో తేడా తెలుస్తుంది.

ఇంతకీ నూగును ముదిరించే మందు అంటూ ఏదీ లేదా? ఒకటుంది, మినాక్సిడిల్. మొదట బీపీ మాత్రగా వచ్చింది. మింగినవాళ్లకు ఒళ్లంతా వెంట్రుకలు రావడం చూసి తలకు రాసే ద్రవంగా మార్చారు. అమెరికాలో 1988లో తల జుట్టు కోసం అనుమతి దొరికింది. గడ్డం కోసం మాత్రం అనుమతి లేదు. డాక్టర్లు రాస్తే అది తమ విచక్షణతో రాసేదే. అయినా ఆధారం అంటూ ఉన్నది దీనికే. 2016లో థాయ్‌లాండ్‌లో వచ్చిన అధ్యయనంలో 48 మంది మగవాళ్లకు 16 వారాలు 3% మినాక్సిడిల్ లోషన్ గానీ, మందు లేని లోషన్ గానీ ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్లకూ తెలియదు, చూసే డాక్టర్లకూ తెలియదు. మందు వాడినవాళ్ల గడ్డం ఫొటోల్లోనూ, వెంట్రుకల లెక్కలోనూ మెరుగ్గా తేలింది. చిన్న అధ్యయనం, నాలుగు నెలల లోపే ముగిసింది. పెరిగింది, కానీ నిండు గడ్డం ఇచ్చిందని అనుకోకూడదు. గడ్డం నూనెల్లో ఏ ఒక్కదానికీ ఈపాటి పరీక్ష కూడా లేదు.

మా వాడికి కావలసింది ఈ పేరే. వెంటనే మెడికల్ షాపుకు బయలుదేరబోయాడు. కూర్చోబెట్టి మూడు విషయాలు చెప్పాల్సి వచ్చింది.

మొదటిది, ఏ సీసా అడుగుతున్నాడన్నది. మన షాపుల్లో మినాక్సిడిల్ విడిగానూ దొరుకుతుంది, ఫినాస్టెరైడ్ కలిపినదీ దొరుకుతుంది. పెట్టెలు చూడడానికి ఒకేలా ఉంటాయి, పేరు చివర ఒక అక్షరం తేడా. ఫినాస్టెరైడ్ చేసేది డీహెచ్‌టీ తయారీని అడ్డుకోవడం. మగవాళ్ల బట్టతలకు అది సరైన మందు. గడ్డం పెరగాలని చెంపకు రాసుకుంటే మాత్రం ఒక చేత్తో పెంచే మందు, ఇంకో చేత్తో పెంచే హార్మోన్‌కు అడ్డు. పైగా ఫినాస్టెరైడ్‌ను గర్భిణులు తాకకూడదు. చీటీ లేకుండా 'జుట్టు మందు' అని అడిగితే కౌంటర్లో చేతికి ఏది వస్తుందో తెలియదు. పెట్టె మీద బ్రాండ్ పేరు వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరూ శాతమూ చదవాలి. 10 శాతం దొరుకుతుంది కదా, త్వరగా వస్తుంది అనుకోవడం ఇంకో తప్పు. పరీక్షించింది మూడు శాతం. శాతం పెరిగేకొద్దీ మంట, పొలుసు ముందుగా వస్తాయి.

రెండోది, ఓపిక. రాయడం మొదలుపెట్టిన కొన్ని వారాల్లో ఉన్న వెంట్రుకలు కొన్ని రాలతాయి. పాత వెంట్రుకను తోసి కుదురు కొత్త చక్రం మొదలుపెట్టడం వల్ల అలా అవుతుంది. ఇక్కడే చాలామంది భయపడి ఆపేస్తారు. నెలన్నర, రెండు నెలలకు ఖాళీలో నూగు ఎక్కువవుతుంది, అది నల్లబడేసరికి నాలుగు నెలలు దాటొచ్చు. కొందరికి అసలు ఏమీ రాదు. మినాక్సిడిల్ చర్మంలో ఒక ఎంజైమ్ వల్ల మారితేనే పనిచేస్తుంది, ఆ ఎంజైమ్ అందరిలో ఒకేలా ఉండదు. ద్రవంలో ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్ వల్ల చాలామందికి చెంపలు ఎర్రబడి పొలుసులొస్తాయి. అది పడనివాళ్లకు డాక్టర్లు ఫోమ్ రాస్తారు, ఫోమ్‌లో అది ఉండదు. గుండె దడ, తల తిరగడం, కాళ్ల వాపు కనిపిస్తే అదే రోజు ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఇది పుట్టింది బీపీ మందుగా అన్నది అప్పుడు గుర్తుకు రావాలి.

మూడోది వాడు ఊహించనిది. వాళ్లక్క పురిటికి పుట్టింటికొచ్చి ఉంది, ఐదు నెలల పాప. శనివారం వెళ్లగానే వాడు చేసే మొదటి పని ఆ పాపను ఎత్తుకుని చెంపకు చెంప ఆనించడం. తల్లిదండ్రులు రాసుకున్న మినాక్సిడిల్ చర్మం ద్వారా తగిలి పసిపిల్లలకు ఒళ్లంతా వెంట్రుకలు పెరిగిన కేసులు యూరప్‌లో నమోదయ్యాయి, అక్కడి మందుల సంస్థ 2024లో హెచ్చరిక కూడా ఇచ్చింది. మందు ఆపాక ఆ వెంట్రుకలు పోయాయి. తలకు రాసినప్పుడే అలా అయితే, పాపకు ఆనించే చెంపకే రాసినప్పుడు? పిల్లులకైతే ఇది విషం, కొద్దిగా నాకినా ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లు దిండు కవరు సంగతి కూడా ఆలోచించాలి.

బయోటిన్ మాత్రలు కూడా కిట్‌తో ఉచితంగా వచ్చాయి. మామూలుగా తినేవాడికి బయోటిన్ లోపం ఉండడం అరుదు. లోపం లేనివాడికి గడ్డానికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. కానీ ఎక్కువ మోతాదు బయోటిన్ రక్తపరీక్షల్లో, ముఖ్యంగా థైరాయిడ్ రీడింగుల్లో తప్పు చూపిస్తుంది. పరీక్షకు వెళ్లేముందు ల్యాబ్ వాళ్లకూ డాక్టర్‌కూ చెప్పాలి. చర్మం మీద తిప్పే సన్నటి సూదుల చక్రం, డెర్మా రోలర్ గురించి ఎక్కువ చెప్పను. 2013లో మన ముంబై డాక్టర్లు తల మీద, మినాక్సిడిల్‌తో కలిపి చేసిన అధ్యయనంలో ఫలితం బాగుంది. హాస్టల్ గదిలో ఒకరి రోలర్ ఇంకొకరు వాడుకుని, అదీ మొటిమలున్న చెంప మీద తిప్పడం వేరే వ్యవహారం. గీస్తే ఒత్తుగా వస్తుందన్న నమ్మకం అయితే 1928లోనే పరీక్షించి కాదని తేల్చారు. ఇంకా సెలూన్‌లో వినిపిస్తూనే ఉంటుంది.

ఇదంతా ముందునుంచీ నెమ్మదిగా పలచగా ఉన్న గడ్డం గురించి. నిండుగా ఉన్న గడ్డంలో ఉన్నట్టుండి ఖాళీ పడితే లెక్క మారుతుంది. గుండ్రంగా, నున్నగా, పొలుసూ దురదా లేకుండా రూపాయి బిళ్లంత ఖాళీ వారం పది రోజుల్లో ఏర్పడితే అది పేనుకొరుకుడు. అంచుల్లో మొదలు సన్నగా చివర లావుగా విరిగిన వెంట్రుకలు కనిపిస్తాయి. మన రోగనిరోధక వ్యవస్థే కుదుళ్ల మీద పడడం దీనికి కారణం. చర్మవైద్యులు అక్కడే స్టెరాయిడ్ చిన్న ఇంజెక్షన్లు ఇస్తారు, నూనె చేసేదేమీ లేదు. అలా కాక, ఎర్రగా, దురదగా, అంచు లేచిన పొలుసుతో, చీము పొక్కులతో ఖాళీ పడితే, లాగగానే వెంట్రుక సులువుగా ఊడి వస్తుంటే అది తామర కావచ్చు. దీనికి షాపులో అడగ్గానే ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీము రాస్తే రెండు రోజులు తగ్గినట్టు కనిపించి, లోపల ఇంకా పాకుతుంది. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల చర్మవ్యాధుల ఓపీలో చూపించుకున్నా సరిపోయే సమస్య ఇది, నెలల తరబడి క్రీములు మార్చాల్సింది కాదు.

మా వాడు చివరికి మినాక్సిడిల్ జోలికి వెళ్లలేదు, పాప అత్తారింటికి వెళ్లాక చర్మవైద్యుడిని అడిగి చూస్తానన్నాడు. డబ్బు పెట్టి కొన్న నూనె పారేయడం ఇష్టంలేక ఒక పరీక్ష పెట్టుకున్నాడు. నూనె కుడి చెంపకే, ఎడమ చెంపకు ఏమీ లేదు. నెలకోసారి హాస్టల్ మెట్ల దగ్గర అదే కిటికీ పక్కన, ఉదయం అదే సమయానికి, ట్రిమ్మర్‌తో రెండు వైపులా ఒకే నంబరుకు తగ్గించి, పొడిగా ఉన్నప్పుడు రెండు ఫొటోలు. ఖాళీ అంచున ఉన్న ఒక పుట్టుమచ్చను గుర్తుగా పెట్టుకుని దాని చుట్టూ నల్ల వెంట్రుకలు లెక్కపెడతాడు. నాలుగు నెలలకు రెండు చెంపలూ సమానంగా పెరిగితే పెంచింది వయసు, కుడివైపే పెరిగితే నేను ఈ వ్యాసం మళ్లీ రాస్తానని చెప్పాను. ఈలోగా సెలూన్‌లో చెంపల మీద రెండో నంబరు, గదవ దగ్గర నాలుగో నంబరు పెట్టించుకుంటున్నాడు. చుట్టూ పొట్టిగా ఉంటే ఖాళీ అంతగా కొట్టొచ్చినట్టు కనిపించదు, కట్టింగ్ చేసే అన్నే ఆ సలహా ఇచ్చాడట.